రాండమ్ వాక్ ఎంత ఎత్తుకు వెళ్లిందో లెక్కపెట్టడం ఎలా: రిఫ్లెక్షన్ కిటుకు చేత్తో చేసి చూద్దాం

ముందు ప్రశ్న ఏంటో క్లియర్‌గా పెట్టుకుందాం. సున్నా దగ్గర నిలబడ్డారు, కాయిన్ ఎగరేస్తారు, బొమ్మ పడితే ఒక మెట్టు పైకి, బొరుసు పడితే ఒక మెట్టు కిందకి, ఇలా 10 సార్లు. ఇదే సింపుల్ రాండమ్ వాక్. n అడుగుల తర్వాత ఎక్కడున్నారో దాన్ని S_n అంటాం, దారిలో ఎక్కడో ఒకచోట చేరిన అత్యంత ఎత్తుని M_n అంటాం. ఇప్పుడు ప్రశ్న: 10 అడుగుల్లో ఎప్పుడో ఒకప్పుడు, కనీసం ఒక్కసారి, 4వ మెట్టుని తాకే ప్రాబబిలిటీ ఎంత? అంటే P(M_10 ≥ 4) కావాలి.

చివర్లో ఎక్కడున్నాం అనేది సులువు, ఎన్ని బొమ్మలు పడ్డాయో తెలిస్తే చాలు, ఏ వరసలో పడ్డాయో అక్కర్లేదు. కానీ మాక్సిమమ్ అలా కాదు, అక్కడ వరసే ముఖ్యం. నాలుగు బొమ్మలు ముందే పడిపోతే 4ని తాకేస్తాం, అవే నాలుగు చివర్లో పడితే బహుశా తాకం, బొమ్మల సంఖ్య మాత్రం రెండింట్లోనూ అంతే. అందుకే మొదటిసారి చూసేవాళ్లకి ఇది చాలా కష్టమైన లెక్కలా అనిపిస్తుంది, మొత్తం దారి గుర్తుపెట్టుకోవాలేమో అనిపిస్తుంది. నిజానికి అక్కర్లేదు. మాక్సిమమ్ గురించిన ప్రశ్నని చివరి స్థానం గురించిన ప్రశ్నగా మార్చేయొచ్చు, ఆ మార్చే పద్ధతే రిఫ్లెక్షన్ ప్రిన్సిపుల్. ఒక పేపర్, పెన్ను తీసుకుని కూర్చోండి, గళ్ల పేపరైతే ఇంకా మంచిది.

1. ముందు చివరి స్థానాల టేబుల్ రాసుకోండి

10 సార్లు ఎగరేస్తే మొత్తం దారులు 2^10 = 1024, కాయిన్ నిఖార్సైంది కాబట్టి అన్నీ సమానంగా రావచ్చు. అందుకని ప్రాబబిలిటీ పక్కనపెట్టి దారులు లెక్కపెడితే చాలు, చివర్లో 1024తో భాగిస్తాం. x దగ్గర ముగియాలంటే (10+x)/2 బొమ్మలు పడాలి, కాబట్టి ఆ దారుల సంఖ్య C(10, (10+x)/2). దీన్ని N(x) అని పిలుద్దాం.

```
x      0    2    4    6    8   10
N(x)  252  210  120   45   10   1
```

మైనస్ వైపు కూడా ఇవే నంబర్లు. బేసి సంఖ్యలు లేవేంటి అని అడుగుతారేమో, 10 సరి సంఖ్య కదా, సరిసార్లు ఒక్కో మెట్టు కదిలితే సరి మెట్టు మీదే ఆగుతాం, అందుకే N(3), N(5) లాంటివి సున్నా. ఈ చిన్న విషయం గుర్తుపెట్టుకోండి, తర్వాత చాలామంది తప్పు చేసేది ఇక్కడే. కూడి చూసుకోండి: 252 + 2×(210+120+45+10+1) = 1024. ఇది సరిపోకపోతే ముందుకెళ్లొద్దు.

2. దారుల్ని మూడు గుంపులుగా విడదీయండి

4వ మెట్టు దగ్గర ఒక అడ్డగీత గీయండి. ఆ గీతని తాకిన దారులన్నీ చివర్లో ఎక్కడ ఆగాయో దాన్నిబట్టి మూడు రకాలు: గీత పైన ఆగినవి, సరిగ్గా గీత మీద ఆగినవి, గీత కింద ఆగినవి.

మొదటి రెండు గుంపులకి కష్టం లేదు. 6 దగ్గర ఆగిన దారి సున్నా నుంచి బయల్దేరి ఒక్కో మెట్టే ఎక్కింది, 4ని దూకి వెళ్లలేదు, కాబట్టి తప్పకుండా తాకింది. గీత పైన ఆగిన ప్రతి దారీ గీతని తాకినట్టే. గీత మీద ఆగింది అంటే తాకినట్టేనని వేరే చెప్పక్కర్లేదు. టేబుల్ చూస్తే పైన ఆగినవి 45+10+1 = 56, గీత మీద ఆగినవి 120.

మూడో గుంపే అసలు సమస్య. వెళ్లి 4ని తాకి, మళ్లీ కిందకి దిగి, 2 దగ్గరో 0 దగ్గరో మైనస్‌లోనో ఆగినవి. వీటిని టేబుల్ నుంచి చదవలేం, ఎందుకంటే 2 దగ్గర ఆగిన 210 దారుల్లో కొన్ని 4ని తాకాయి, కొన్ని తాకలేదు, ఏవి తాకాయో టేబుల్‌కి తెలీదు.

3. ఒక దారి తీసుకుని అద్దంలో తిప్పండి

మూడో గుంపులోంచి ఒక దారి తీసుకుందాం. బొమ్మకి +, బొరుసుకి − అని రాస్తే:

```
అడుగులు :  +  +  -  +  +  +  -  -  +  -
స్థానం   :  1  2  1  2  3  4  3  2  3  2
```

ఇది 6వ అడుగులో మొదటిసారి 4ని తాకింది, తర్వాత దిగి 2 దగ్గర ఆగింది. ఇప్పుడు చేయాల్సింది ఇంతే: మొదటిసారి గీతని తాకినచోటు వరకు ఏమీ ముట్టుకోకండి. ఆ తర్వాత ఉన్న ప్రతి అడుగునీ తిరగేయండి, + ని − చేయండి, − ని + చేయండి. చివరి నాలుగు − − + − కాస్తా + + − + అవుతాయి:

```
అడుగులు :  +  +  -  +  +  +  +  +  -  +
స్థానం   :  1  2  1  2  3  4  5  6  5  6
```

గళ్ల పేపర్ మీద గీస్తే ఇంకా బాగా కనపడుతుంది, గీతని తాకిన దగ్గర్నుంచి మిగతా దారి ఆ గీతలో పడ్డ నీడలా తిరగబడి ఉంటుంది. మునుపు గీతకి 2 మెట్లు కింద ఆగిన దారి ఇప్పుడు గీతకి 2 మెట్లు పైన ఆగింది. 2 పోయి 6 వచ్చింది, అంటే 2×4 − 2.

ఇక్కడ ఆగి ఒక్క నిమిషం ఆలోచించండి, మొత్తం విషయం ఇందులోనే ఉంది. తిప్పిన దారిని మీకు ఇచ్చి, అసలు దారి ఏంటో చెప్పమంటే చెప్పగలరా? చెప్పగలరు. తిప్పిన దారి కూడా 4ని మొదటిసారి తాకింది 6వ అడుగులోనే, ఎందుకంటే అంతవరకు మనం ఏం మార్చలేదు. అక్కడ్నుంచి మళ్లీ తిప్పితే అసలు దారి తిరిగొచ్చేస్తుంది. అంటే రెండు వేర్వేరు దారులు తిప్పాక ఒకే దారి అవ్వడం జరగదు. అటువైపు నుంచి చూసినా అంతే, గీత పైన ఆగిన ఏ దారైనా తీసుకోండి, అది ఎక్కడో ఒకచోట మొదటిసారి 4ని తాకే ఉంటుంది, అక్కడ్నుంచి తిప్పితే మూడో గుంపులోని ఒక దారి వస్తుంది. ఒక్కటి కూడా మిగలదు. కాబట్టి తాకి కింద ఆగిన దారులు ఎన్నో, పైన ఆగిన దారులు కూడా సరిగ్గా అన్నే. మనకి తెలియని గుంపు సైజు తెలిసిన గుంపు సైజుతో సమానం, 56.

4. కూడండి

56 + 120 + 56 = 232. అంతే, P(M_10 ≥ 4) = 232/1024, సుమారు 0.2266. చివర్లో 4 లేదా అంతకంటే పైన ఉండే ప్రాబబిలిటీ 176/1024, సుమారు 0.172, దానితో పోల్చి చూడండి. ఆ తేడా 56 దారులే, వెళ్లి తాకి వెనక్కొచ్చినవి.

ఫార్ములాగా రాసుకుంటే, a ≥ 1 అయినప్పుడు:

```
P(M_n ≥ a) = P(S_n ≥ a) + P(S_n > a)
```

దీన్ని 2·P(S_n > a) + P(S_n = a) అని కూడా రాస్తారు, రెండూ ఒకటే. నాకు మాత్రం మొదటి రూపమే ఇష్టం, ఎందుకంటే ఒకదాంట్లో ≥, ఇంకోదాంట్లో > ఉండటం కళ్లకి కొట్టొచ్చినట్టు కనపడుతుంది, ఆ తేడానే మర్చిపోకూడనిది.

నమ్మకం కుదరకపోతే చిన్న కేసు మొత్తం చేత్తో రాసేయండి. 4 అడుగులు, a = 2. మొత్తం 16 దారులే. 2ని తాకేవి: ++++, +++−, ++−+, ++−−, +−++, −+++. ఆరు. ఫార్ములా ప్రకారం 2 లేదా పైన ఆగినవి 4+1 = 5, 2కి పైన ఆగింది 1, మొత్తం 6. కింద ఆగినది ఒక్క ++−− మాత్రమే, దాన్ని రెండో అడుగు తర్వాత తిప్పితే ++++ వస్తుంది, జత కుదిరింది. నా సలహా ఏంటంటే ఈ 16 దారుల కేసుని ఒక్కసారైనా మీ చేత్తో గీయండి, ఐదు నిమిషాలు కూడా పట్టదు, తర్వాత ఫార్ములా మర్చిపోయినా మళ్లీ మీరే రాబట్టుకోగలరు.

ఎక్కడ తప్పులు జరుగుతాయి

అన్నింటికంటే ఎక్కువగా జరిగే తప్పు, 2·P(S_n ≥ a) అని రాసేయడం. "తాకాక పైకో కిందకో చెరిసగం, కాబట్టి రెట్టింపు" అని గుర్తుపెట్టుకుంటారు, అది కంటిన్యూయస్ కేసులో, అంటే బ్రౌనియన్ మోషన్‌లో, కరెక్టే, అక్కడ సరిగ్గా ఒకే పాయింట్ మీద ఆగే ప్రాబబిలిటీ సున్నా కాబట్టి. ఇక్కడ అలా కాదు, గీత మీదే ఆగిన 120 దారులు ఉన్నాయి, వాటిని తిప్పినా అవి గీత మీదే ఉంటాయి, రెండుసార్లు లెక్కపెట్టకూడదు. రెట్టింపు చేస్తే 352 వస్తుంది, అసలు జవాబు 232. నేను నేర్చుకునే రోజుల్లో ఈ తప్పే చేశాను, లెక్క మొత్తం సరిగ్గా ఉన్నట్టే అనిపించేది, నాలుగు అడుగుల కేసు చేత్తో రాసి చూస్తే 6 రావాల్సినచోట 10 వచ్చింది, అప్పుడు గానీ అర్థం కాలేదు.

ఈ తప్పుని పట్టుకోవడానికి ఒక సులువైన టెస్ట్ ఉంది. ఫార్ములాలో a = 0 పెట్టండి. సున్నా దగ్గరే మొదలుపెట్టాం కాబట్టి అందరూ సున్నాని తాకినట్టే, జవాబు 1024 రావాలి. సరైన ఫార్ములాలో S ≥ 0 దారులు 638, S > 0 దారులు 386, కూడితే 1024. తప్పు ఫార్ములాలో 2×638 = 1276 వస్తుంది, ఉన్న దారులకంటే ఎక్కువ, అక్కడే దొరికిపోతుంది.

రెండోది బేసి సరి గొడవ. a = 3 అనుకోండి, 10 అడుగుల తర్వాత 3 మీద ఆగడం కుదరదు, కాబట్టి S ≥ 3 అన్నా S > 3 అన్నా ఒకటే, రెండూ 176, జవాబు 352. ఇక్కడ మాత్రం రెట్టింపు చేస్తే సరిపోతుంది, n, a రెండింట్లో ఒకటి సరి, ఇంకోటి బేసి అయినప్పుడు ఎప్పుడూ ఇంతే. ఒక ఎగ్జాంపుల్‌లో రెట్టింపు పనిచేసిందని ఇంకోదాంట్లో కూడా చేసేసి ఇరుక్కునేది అందుకే. ఇంకో విషయం గమనించారా, పై పేరాలో a = 4కి రెట్టింపు చేసి తెచ్చుకున్న తప్పు జవాబు 352, అది నిజానికి a = 3 జవాబు.

మూడో తప్పు కొంచెం లోతైనది. కొంతమంది గీత దగ్గర కాకుండా దారి యొక్క శిఖరం దగ్గర, అంటే అన్నింటికంటే ఎత్తైన చోట తిప్పుతారు. 6 అడుగుల దారి +++−−− తీసుకోండి, a = 2. గీతని తాకింది రెండో అడుగులో, అక్కడ్నుంచి తిప్పాలి: ++ తర్వాత −+++, ముగిసేది 4 దగ్గర, 2×2 − 0 లెక్క సరిపోయింది. శిఖరం దగ్గర తిప్పితే ++++++ వస్తుంది, 6 దగ్గర ముగుస్తుంది, లెక్క మొత్తం చెదిరిపోతుంది.

ఎందుకు పనిచేయదో ఇంకోలా చెప్తాను. మొదటిసారి గీతని తాకిన క్షణంలో, ముందు ఏం పడబోతుందో మీకు తెలీదు, కాయిన్ ఇంకా నిఖార్సైందే, పైకైనా కిందకైనా సమానం. అందుకే మిగతా దారినీ దాని నీడనీ ఒకే తూకంతో చూడొచ్చు. కానీ "ఇదే శిఖరం" అని చెప్పాలంటే మిగతా దారి మొత్తం చూశాకే చెప్పగలం, అది శిఖరం అన్నామంటేనే తర్వాత పడేది బొరుసు అని చెప్పేసినట్టు, ఇక సమానత్వం ఎక్కడుంది? ఆగిన క్షణాన్ని భవిష్యత్తు చూడకుండా గుర్తుపట్టగలగాలి, అలాంటి సమయాన్ని స్టాపింగ్ టైమ్ అంటారు, మొదటిసారి తాకడం స్టాపింగ్ టైమే, శిఖరం చేరిన సమయం కాదు.

5. మాక్సిమమ్ సరిగ్గా ఎంత అనేది కావాలంటే తీసివేయండి

ఇంతవరకు "కనీసం a" లెక్క చేశాం. సరిగ్గా a కావాలంటే P(M ≥ a) లోంచి P(M ≥ a+1) తీసేయండి. a = 4 కి: M ≥ 4 దారులు 232, M ≥ 5 దారులు 56+56 = 112, తేడా 120. a = 3 కి: 352 − 232 = 120. ఇలా అన్నీ చేస్తే:

```
M      0    1    2    3    4   5   6   7   8  9  10
దారులు 252  210  210  120  120  45  45  10  10  1   1
```

ఈ నంబర్లు ఎక్కడో చూసినట్టు లేవా? మొదటి టేబుల్‌లో ఉన్నవే, ఒక్క 252 తప్ప అన్నీ జంటలుగా వచ్చాయి. అంటే M సరిగ్గా a అయ్యే దారుల సంఖ్య N(a) లేదా N(a+1), రెండింట్లో ఏది సున్నా కాకపోతే అది. ఒక్కసారి ఇది కనిపెట్టాక తీసివేతలు కూడా అక్కర్లేదు, నేరుగా రాసేయొచ్చు. నాకు ఈ టాపిక్ మొత్తంలో అత్యంత అందంగా అనిపించేది ఈ టేబులే, దారి మొత్తం తెలిస్తే గానీ చెప్పలేమనుకున్న విషయం చివరి స్థానాల నంబర్లతోనే పూర్తయిపోయింది.

ఇంకో సంగతి, అన్నింటికంటే ఎక్కువసార్లు వచ్చే మాక్సిమమ్ సున్నానే. 1024లో 252, అంటే సుమారు నాలుగోవంతు దారులు ఒక్కసారి కూడా సున్నాకి పైకి రాలేదు. సగటు మాక్సిమమ్ లెక్కేస్తే 2134/1024, సుమారు 2.08.

6. చివర ఎక్కడ ఆగాలో కూడా చెప్తే

కొన్నిసార్లు ప్రశ్న ఇలా ఉంటుంది: 10 అడుగుల తర్వాత మళ్లీ సున్నాకే వచ్చాడు, మధ్యలో 3ని తాకి ఉండే ప్రాబబిలిటీ ఎంత? ఇక్కడ రిఫ్లెక్షన్ ఇంకా నేరుగా పనిచేస్తుంది. 3ని తాకి b దగ్గర ఆగిన దారిని (b గీత మీద గానీ కింద గానీ ఉండాలి) తిప్పితే 2×3 − b దగ్గర ఆగుతుంది. b = 0 కాబట్టి 6. కాబట్టి అలాంటి దారులు N(6) = 45. సున్నా దగ్గర ఆగినవి మొత్తం 252, జవాబు 45/252, సుమారు 0.179. సాధారణంగా:

```
తాకి b దగ్గర ఆగిన దారులు = N(2a − b),   b ≤ a
```

b గీతకంటే పైన ఉంటే మాత్రం ఇది వాడకండి, అక్కడ ఆగిన దారులన్నీ ఎలాగూ తాకినవే, జవాబు N(b). ఓట్ల లెక్కింపులో ఒక అభ్యర్థి మొదట్నుంచి చివరిదాకా ముందే ఉండే ప్రాబబిలిటీ ఎంత అనే బ్యాలెట్ ప్రాబ్లమ్ కూడా ఈ ఒక్క లైన్‌తో తేలిపోతుంది. దానికి 1887లో డెజిరే ఆంద్రే ఇచ్చిన ప్రూఫ్ వల్ల రిఫ్లెక్షన్ పద్ధతిని ఆయన పేరుతో పిలుస్తుంటారు, కానీ ఆయన రాసిన ప్రూఫ్‌లో ఇలా అద్దంలో తిప్పడం లేదు, అది తర్వాతివాళ్లు చేర్చింది.

కాయిన్ నిఖార్సైంది కాకపోతే

ఇక్కడ జాగ్రత్త. బొమ్మ పడే ప్రాబబిలిటీ 0.6 అనుకోండి. మళ్లీ 4 అడుగులు, a = 2. తాకే ఆరు దారులు అవే, కానీ వాటి బరువులు వేరు. 2 దగ్గర ఆగిన నాలుగూ ఒక్కోటి 0.6³×0.4, మొత్తం 0.3456. ++++ కి 0.1296. ++−− కి 0.6²×0.4² = 0.0576. కూడితే 0.5328. అదే గుడ్డిగా ఫార్ములా వాడితే 0.3456 + 2×0.1296 = 0.6048 వస్తుంది, తప్పు. ++−− ని తిప్పితే ++++ వస్తుంది, సంఖ్యలో జత కుదిరింది కానీ బరువులో కుదరలేదు, ఒకటి 0.0576, ఇంకోటి 0.1296.

అయితే పద్ధతి మొత్తం పనికిరాదని కాదు. జతలు కుదరడం అనేది కేవలం దారుల లెక్క, కాయిన్‌తో సంబంధం లేదు. కాబట్టి చివరి స్థానం b వారీగా N(2a − b) తో దారులు లెక్కపెట్టండి, తర్వాత ప్రతి b కి అక్కడ ఆగే దారి అసలు బరువు పెట్టి గుణించండి, తిప్పిన దారి బరువు కాదు. ఒకేచోట ఆగిన దారులన్నిటికీ బరువు ఒకటే కాబట్టి ఇబ్బంది రాదు.

ఒకేసారి రెండు మెట్లు ఎక్కే అవకాశం ఉన్న వాక్‌లో మాత్రం కథ మారిపోతుంది, గీతని తాకకుండా దూకి వెళ్లిపోవచ్చు, అప్పుడు తిప్పడానికి చోటే దొరకదు. అక్కడ ఈ ఫార్ములా వాడకండి.

పైకి గానీ కిందకి గానీ 4 మెట్ల దూరం వెళ్లే ప్రాబబిలిటీ కావాలంటే? 232ని రెట్టింపు చేసి 464 అనేయొచ్చా? 10 అడుగుల్లో అయితే చేయొచ్చు, ఎందుకంటే +4నీ −4నీ రెంటినీ తాకాలంటే కనీసం 4 + 8 = 12 అడుగులు కావాలి, కాబట్టి రెండుసార్లు లెక్కపడ్డ దారి ఒక్కటీ లేదు. సరిగ్గా 12 అడుగుల దగ్గర రెండు దారులు రెండుసార్లు లెక్కపడతాయి, నాలుగు ఎక్కి ఎనిమిది దిగేది, నాలుగు దిగి ఎనిమిది ఎక్కేది, వాటిని తీసేయాలి. ఇంకా పెద్ద n కి ఒకదాని తర్వాత ఒకటి రెండు గీతల్లోనూ తిప్పుతూ కూడుతూ తీసేస్తూ పోవాలి, అది వేరే పెద్ద పని.

7. పెద్ద n కి, ఇంకా చెక్ చేసుకోవడానికి

1024 దారులు కంప్యూటర్‌కి ఒక లెక్క కాదు, అన్నీ రాయించి చూసుకోవచ్చు:

```python
from itertools import product, accumulate
n, a = 10, 4
print(sum(max(accumulate(w)) >= a
          for w in product((1, -1), repeat=n)))
```

232 రావాలి. 20, 22 అడుగుల వరకు ఇలా చేయొచ్చు, ఆ పైన ప్రతి అడుగుకీ పని రెట్టింపవుతూ పోతుంది, 100 అడుగులకి దారులు 2^100, ఎన్నాళ్లు కూర్చున్నా అవ్వదు. అప్పుడే ఫార్ములా విలువ తెలుస్తుంది:

```python
from math import comb
def tail(n, c):
    return sum(comb(n, (n + x)//2)
               for x in range(c, n + 1) if (n + x) % 2 == 0)
n, a = 100, 10
print((tail(n, a) + tail(n, a + 1)) / 2**n)
```

ఇందులో `a` కి ఒకసారి, `a + 1` కి ఒకసారి పిలిచాం చూడండి, అదే ≥ కీ > కీ ఉన్న తేడా. రెండుచోట్లా `a` రాస్తే పైన చెప్పిన మొదటి తప్పు కోడ్‌లోకి వచ్చేసినట్టే.

100 అడుగులకి, 10ని తాకే ప్రాబబిలిటీ సుమారు 0.3197 వస్తుంది. ఇందులో చివర్లో 10 లేదా పైన ఉండటం 0.1841, మిగతా 0.1356 తాకి వెనక్కొచ్చినవి. నార్మల్ కర్వ్‌తో ఉజ్జాయింపుగా చేస్తే, 100 అడుగులకి స్టాండర్డ్ డీవియేషన్ 10, కాబట్టి ఒక స్టాండర్డ్ డీవియేషన్ దాటే ప్రాబబిలిటీకి రెట్టింపు, సుమారు 0.3173, చాలా దగ్గరగా వచ్చింది. ఇక్కడ రెట్టింపు ఎందుకు ఒప్పుకుంటున్నాం అంటే కర్వ్‌కి సరిగ్గా 10 మీద బరువు లేదు, అసలు వాక్‌లో ఆ బరువు 0.0485, దాన్ని మర్చిపోయి అసలు నంబర్‌నే రెట్టింపు చేస్తే 0.3682 వస్తుంది, 100 అడుగులకి కూడా తప్పు అంత పెద్దదిగానే ఉంటుంది.

అదే కోడ్‌లో `a = 1` పెట్టి వచ్చినదాన్ని 1 లోంచి తీసేయండి, ఒక్కసారి కూడా సున్నాకి పైకి రాని దారుల వాటా వస్తుంది, C(100, 50)/2^100, సుమారు 0.0796. నిఖార్సైన కాయిన్‌ని వంద సార్లు ఎగరేసినా దాదాపు 8 శాతం దారుల్లో బొమ్మలు బొరుసుల్ని ఒక్క క్షణం కూడా దాటవు.